తప్పు దారిలో వచ్చిన సరైన జవాబు: y = vx దగ్గర ఆగిపోయిన ఒక విద్యార్థిని కేసు

నేను ఇంటర్ సెకండియర్ పిల్లలకు లెక్కలు ట్యూషన్ చెప్తాను. అవకలన సమీకరణాల చాప్టర్‌లో సమఘాత సమీకరణాల దగ్గరికి వచ్చేసరికి ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఆగిపోతారు. అందులో ఒక అమ్మాయి కేసు మాత్రం నేను చెప్పే పద్ధతినే మార్చేసింది. ఆమె చేసిన తప్పు ఎంత లోతైనదో నాకు మూడో వారంలో గానీ అర్థం కాలేదు. ఆ అమ్మాయి పేరు, ఊరు, కాలేజీ వివరాలు వదిలేస్తున్నాను. లెక్క మాత్రం పూర్తిగా రాస్తాను, కొత్తగా నేర్చుకునేవాళ్లు పక్కన పేపర్ పెట్టుకుని చదివితే మంచిది.

నేపథ్యం

ఎంపీసీ. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్ ఇంగ్లిష్ మీడియం. డిఫరెన్షియేషన్ చకచకా చేస్తుంది, ఇంటిగ్రేషన్‌లో మామూలు ఫార్ములాలు నోటికి వచ్చు. వేరియబుల్స్ విడదీసే లెక్కలు, అంటే y ఉన్నదంతా dy వైపుకి, x ఉన్నదంతా dx వైపుకి తెచ్చి రెండు వైపులా ఇంటిగ్రేట్ చేసే రకం, తప్పు లేకుండా చేసేది. నేను పరీక్షించి చూశాను కూడా. dy/dx = xy ఇస్తే వెంటనే dy/y = x dx అని రాసింది. dy/dx = x + y ఇస్తే కాసేపు చూసి "ఇది విడిపోదు సార్, మధ్యలో ప్లస్ ఉంది" అంది. విడదీయడం అంటే ఏమిటో ఆమెకు స్పష్టంగానే తెలుసు.

సమస్య ఎలా బయటపడింది

ఇచ్చిన లెక్క ఇది:

dy/dx = (x² + y²) / (2xy)

ఇక్కడా ప్లస్ ఉంది, విడిపోదు. కానీ అడ్డంగా గుణిస్తే 2xy dy = (x² + y²) dx అని వస్తుంది, చూడ్డానికి dy ఒక వైపు, dx ఒక వైపు చేరినట్టే ఉంటుంది. ఆమె అక్కడితో ధైర్యం తెచ్చుకుని రెండు వైపులా ఇంటిగ్రేట్ చేసేసింది. ఎడమవైపు x ని స్థిరరాశి అనుకుంది, xy² వచ్చింది. కుడివైపు y ని స్థిరరాశి అనుకుంది, x³/3 + xy² + c వచ్చింది. రెండు వైపులా xy² కొట్టేసింది. మిగిలింది x³/3 + c = 0.

నోట్‌బుక్ నా ముందు పెట్టి "సార్, y ఎక్కడికి పోయింది?" అని అడిగింది.

మంచి ప్రశ్న. y కి జవాబు వెతుకుతూ బయల్దేరితే y యే లేని సమీకరణం చేతికొచ్చింది, x ఒక స్థిరరాశి అని చెప్తోంది. ఇలాంటిది వచ్చిందంటే మధ్యలో ఎక్కడో మారే అక్షరాన్ని కదలకుండా పట్టుకున్నామని అర్థం. మనం వెతుకుతున్న వక్రరేఖ మీద x కదిలితే y కూడా కదులుతుంది. dx పక్కన y ఉండగా దాన్ని స్థిరంగా తీసుకునే హక్కు మనకు లేదు. ఈ మాట ఆ రోజే చెప్పాను, ఆమె తలూపింది. నేను అక్కడితో వదిలేశాను. అసలు జబ్బు అదేనని అప్పుడు నాకు తట్టలేదు.

మొదట ప్రయత్నించింది

అందరూ చెప్పే వరసనే చెప్పాను. ముందు సమఘాతమా కాదా చూడు: ప్రతి పదంలో x, y ఘాతాలు కలిపితే ఒకే సంఖ్య రావాలి. x² లో 2, y² లో 2, xy లో 1 + 1 = 2. కాబట్టి ఇది సమఘాతం. ఇప్పుడు పైనా కిందా x² తో భాగించు, అంతా y/x రూపంలోకి వస్తుంది. y/x ని v అను. అంటే y = vx. అప్పుడు dy/dx = v + x dv/dx. ఇది పెట్టేస్తే v, x విడిపోతాయి. ఇంటిగ్రేట్ చేసి, చివర్లో v తీసి y/x పెట్టేయ్.

ఇలా వరసగా చెప్పడానికి నాకు కారణం ఉంది. పరీక్షకు నెల రోజులే ఉంది, మెట్లు గుర్తుంటే మార్కులు వస్తాయి, అర్థం మెల్లగా అదే వస్తుందిలే అనుకున్నాను. ఆరు లెక్కలు ఇంటికి ఇచ్చాను. మర్నాడు ఆరూ సరిగ్గా చేసుకొచ్చింది. పక్కనే నేను చేసిన లెక్క పెట్టుకుని చేసిందా అని అప్పుడు అడగలేదు.

ఎక్కడ దెబ్బతింది

వారం తర్వాత పుస్తకం మూయించి అదే లెక్క ఇచ్చాను. y = vx రాసింది. దాని కింద dy/dx = v అని రాసింది. 5x కి డెరివేటివ్ 5 అయినట్టు, vx కి v. మిగతాది తనంతట తానే నడిచింది:

v = (1 + v²) / (2v)
2v² = 1 + v²
v² = 1

అంటే y = x లేదా y = −x. ఇంటిగ్రేషనే అవసరం లేకుండా రెండు లైన్లలో లెక్క అయిపోయింది.

నేను ఎర్ర పెన్ తీసి కొట్టేయబోతుంటే ఆపింది. "సార్, నేను చెక్ చేశాను. y = x పెడితే ఎడమవైపు 1, కుడివైపు 2x²/2x², అది కూడా 1. సరిపోయింది కదా?"

సరిపోయింది. నిజంగానే y = x ఈ సమీకరణానికి సాధన. y = −x కూడా. నేనే జవాబుని సమీకరణంలో పెట్టి చెక్ చేసుకోమని నేర్పాను, చెక్ చేస్తే సరిపోయిన దాన్ని ఇప్పుడు తప్పంటున్నాను. ఆమెకు ఎలా అనిపించి ఉంటుందో ఆలోచించండి. నేనేమో "ఫార్ములా మర్చిపోయావమ్మా, v + x dv/dx అని పదిసార్లు రాయి" అన్నాను. ఆ రోజు చేయకూడని పని అదే. పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు ఇవ్వకుండా ఫార్ములా చేతిలో పెట్టాను.

పదిసార్లు రాసిన ఫలితం తర్వాతి టెస్ట్‌లో కనబడింది. ఈసారి dy/dx = x dv/dx అని రాసింది, ముందున్న v పోయింది. దాంతో 2v dv/(1 + v²) = dx/x, ఇంటిగ్రేట్ చేస్తే 1 + v² = Cx, అంటే x² + y² = Cx³. చూడ్డానికి ఎంత పద్ధతిగా ఉందో. v, x విడిపోయాయి, లాగరిథమ్ వచ్చింది, స్థిరాంకం కూడా ఉంది. పేపర్ దిద్దేటప్పుడు పైపైన చూస్తే పట్టుకోవడం కష్టం. పట్టుకునే దారి మళ్లీ ఆ చెక్ చేయడమే. (1, 2) బిందువు తీసుకుంటే C = 5. x² + y² = 5x³ ని డిఫరెన్షియేట్ చేస్తే 2x + 2y dy/dx = 15x², అక్కడ x = 1, y = 2 పెడితే వాలు 13/4 వస్తుంది. అసలు సమీకరణం మాత్రం ఆ బిందువు దగ్గర వాలు (1 + 4)/4 = 5/4 అంటోంది. కలవలేదు.

ఆ రాత్రి మూడు తప్పులూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. మొదటిదాంట్లో ఒకసారి x ని, ఒకసారి y ని కదలనివ్వలేదు. రెండోదాంట్లో v ని కదలనివ్వలేదు. మూడోదాంట్లో, v మారుతుందని ఒప్పుకుంది గానీ x మారడం వల్ల y లో వచ్చే మార్పుని వదిలేసింది. మూడూ ఒకే తప్పు. ఆమెకు ప్రొడక్ట్ రూల్ రాక కాదు, x²·sin x ఇస్తే కళ్లు మూసుకుని చేస్తుంది. v కూడా x ని బట్టి మారే ప్రమేయం అన్నది ఆమె మనసులోకి దిగలేదు, ఎందుకంటే నేను v అంటే ఏమిటో ఎప్పుడూ చూపించలేదు. "y/x ని v అను" అన్నాను, అంతే.

పని చేసింది

మర్నాడు ఫార్ములా జోలికి పోలేదు. గ్రాఫ్ పేపర్ ఇచ్చి, (1, 2), (2, 4), (3, 6) బిందువులు పెట్టి ఒక్కోచోట వాలు లెక్కకట్టమన్నాను. మొదటి చోట 5/4. రెండో చోట 20/16, అదీ 5/4. మూడో చోట 45/36, మళ్లీ 5/4. "ఇంకో బిందువు చేయనా సార్?" అంది. "చేయకుండా చెప్పగలవా?" అన్నాను. (10, 20) దగ్గర కూడా 5/4 అని లెక్క వేయకుండానే చెప్పింది.

సమఘాతం అంటే ఇదే. మూలబిందువు నుంచి ఒక గీత గీస్తే, ఆ గీత మీద ఎక్కడ నిలబడ్డా సమీకరణం చెప్పే వాలు ఒక్కటే. బిందువు ఎంత దూరంలో ఉందన్నది దానికి పట్టదు, ఏ గీత మీద ఉందన్నదే పడుతుంది. ఆ గీతకు గుర్తే v. y/x = 2 అన్న గీత మీద v = 2. గీత వాలు కూడా v యే. అందుకే v ని ఏదో సౌకర్యం కోసం పెట్టుకున్న అక్షరంలా చూడకూడదు.

ఇప్పుడు (1, 2) మీద పెన్సిల్ పెట్టించాను. "నువ్వున్న గీత వాలు ఎంత?" 2. "సమీకరణం నిన్ను ఏ వాలుతో కదలమంటోంది?" 5/4. "అలా కదిలితే ఈ గీత మీదే ఉంటావా?"

పెన్సిల్ కొంచెం కదిపి చూసింది. గీత పైకి వెళ్తోంది, పెన్సిల్ దాని కిందకు జారింది. "ఉండను సార్. కింద గీతలోకి పోతాను. అంటే v తగ్గుతోంది."

ఈ మాట కోసమే నేను మూడు వారాలు తిరిగాను. v మారుతోందని ఆమె కళ్లతో చూసింది. తర్వాత y = x/2 గీత తీసుకున్నాం. అక్కడ సమీకరణం చెప్పే వాలు (1 + 1/4)/1, అంటే 5/4, గీత వాలు మాత్రం 1/2. ఈసారి పెన్సిల్ గీత కన్నా పైకి లేచింది, v పెరిగింది. చివరికి y = x గీత: సమీకరణం చెప్పే వాలు 1, గీత వాలూ 1. పెన్సిల్ ఆ గీత మీదే పోయింది.

అప్పుడు ఆమే అంది, "సార్, నేను dy/dx = v అని రాసింది ఈ గీతకు మాత్రమే సరిపోతుంది కదా. ఇక్కడ v మారదు." తన జవాబు ఎందుకు చెక్‌లో సరిపోయిందో, అయినా ఎందుకు సరిపోదో రెండూ ఒకేసారి తెలిశాయి. v ని స్థిరం అనుకుంటే v మారని చోట్లు మాత్రమే దొరుకుతాయి: y = x, y = −x. (1, 2) గుండా పోయే వక్రరేఖ ఆ జవాబులో లేదు.

ఇక ప్రొడక్ట్ రూల్ రాయమంటే అర్థంతో సహా వచ్చింది. y = v·x లో రెండూ కదులుతాయి కాబట్టి

dy/dx = v + x dv/dx

మొదటి v అంటే అదే గీత మీద ముందుకు పోవడం వల్ల వచ్చే వాలు. x dv/dx అంటే గీత మారడం వల్ల వచ్చేది. కుడివైపు సమీకరణం చెప్పిన వాలు (1 + v²)/(2v) ఉంది. v ని అటు పంపితే

x dv/dx = (1 + v²)/(2v) − v = (1 − v²)/(2v)

కుడివైపు ఉన్నది సమీకరణం చెప్పే వాలులోంచి గీత వాలు తీసేస్తే మిగిలేదే. (1, 2) దగ్గర అది 5/4 − 2 = −3/4, ఆమె పెన్సిల్ కిందకు జారిన లెక్కే అది. ఈ మెట్టు దగ్గర చాలామంది పిల్లలు −v మర్చిపోతారు. పెన్సిల్ కదిపిన ఈ అమ్మాయి మళ్లీ ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

ఇప్పుడు విడదీయడం ఆమెకు వచ్చిన పనే:

2v dv/(1 − v²) = dx/x
−ln|1 − v²| = ln|x| + c
x(1 − v²) = C

v స్థానంలో y/x పెట్టి, x తో గుణిస్తే x² − y² = Cx. (1, 2) పెడితే 1 − 4 = C, అంటే C = −3. మన వక్రరేఖ y² = x² + 3x.

క్యాలిక్యులేటర్‌తో సరిచూశాం. x = 1 దగ్గర v = 2, మారే వేగం −3/4. x ని 0.1 జరిపితే v సుమారు 2 − 0.075 = 1.925 ఉండాలి. జవాబులోంచి చూస్తే x = 1.1 దగ్గర y² = 1.21 + 3.3 = 4.51, y = 2.124, v = 1.931. దగ్గరగా వచ్చింది, ఆ కాస్త తేడా ఎందుకంటే మధ్యలో వేగం కూడా మారుతూ ఉంటుంది. ఇంకా ముందుకు పోతే v² = 1 + 3/x కాబట్టి v మెల్లగా 1 వైపు జారుతుంది. x = 3 దగ్గర 1.414, x = 100 దగ్గర 1.015. ఆమె మొదట్లో తప్పు దారిలో పట్టుకున్న v = 1, అసలు వక్రరేఖ చివరికి చేరుతున్న దిశ. ఈ మాట చెప్పినప్పుడు ఆమె ముఖం చూడాలి.

"అసలు y = vx పెడితే ప్రతిసారీ ఎందుకు విడిపోతుంది సార్, ఎవరికి తట్టింది?" అని అడిగింది. తట్టింది లైబ్నిట్జ్‌కి, 1691 లో. ఇక ఎందుకు విడిపోతుందంటే, మూలబిందువు నుంచి చూస్తూ గ్రాఫ్ మొత్తాన్ని రెండింతలు పెద్దది చేయండి, ఫోన్‌లో ఫొటో జూమ్ చేసినట్టు. గీతలు మారవు, గీత మీద వాలు మారదు, కాబట్టి ఒక సాధన జూమ్ అయి ఇంకో సాధన అవుతుంది. v కి ఈ జూమ్ అసలు తెలియదు, దూరం సంగతంతా x చూసుకుంటుంది. అందుకే v పని ఒక వైపు, x పని ఒక వైపు విడిపోతాయి. x వైపు ప్రతి లెక్కలోనూ dx/x యే వచ్చేది కూడా అందుకే: x, dx రెండూ రెండింతలైనా dx/x మారదు. సమఘాత లెక్కలో విడదీశాక x వైపు dx/x కాకుండా ఇంకేదైనా కనబడితే ఎక్కడో తప్పు జరిగినట్టే. వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు.

ఈ కేసులో నాకు తెలిసినవి

1 − v² తో భాగించేటప్పుడు అది సున్నా కాకూడదు. అంటే v = 1, v = −1 గీతలను ఆ మెట్టు దగ్గర మనం బయటకు తోసేస్తున్నాం. ఈ లెక్కలో అదృష్టం, x² − y² = Cx లో C = 0 పెడితే రెండూ తిరిగి వస్తాయి. ప్రతిసారీ అలా రావు. dy/dx = y/x + (y/x)² తీసుకోండి. x dv/dx = v² అవుతుంది, v² తో భాగించి ఇంటిగ్రేట్ చేస్తే y = −x/(ln|x| + c). ఇందులో c కి ఏ సంఖ్య పెట్టినా y = 0 రాదు, కానీ y = 0 సాధనే. దాన్ని విడిగా రాయాలి. అందుకని ఇప్పుడు నేను విడదీసే ముందే కుడివైపు సున్నా అయ్యే v లు ముందుగా రాయించేస్తున్నాను. ఈ అమ్మాయి మొదటి టెస్ట్‌లో చేసింది సరిగ్గా ఆ పనే, పేరు తెలియకుండా చేసింది. ఇప్పుడు మా క్లాసులో అది తప్పు కాదు, మొదటి మెట్టు.

రెండోది నా గురించి. పిల్లల జవాబు చెక్ చేస్తే సరిపోయినప్పుడు దాన్ని కొట్టేసే ముందు ఎందుకు సరిపోయిందో నేను కనుక్కోవాలి. ఆ రోజు ఐదు నిమిషాలు ఆగి ఉంటే రెండు వారాలు కలిసొచ్చేవి.

ఈ పద్ధతికి హద్దు ఎక్కడుందో కూడా ఆమె ద్వారానే క్లాసుకు చూపించాను. చివర్లో ఇచ్చిన లెక్క dy/dx = (x + y − 3)/(x − y + 1). ఘాతాలు చూసి "3 కి, 1 కి ఘాతం సున్నా, ఇది సమఘాతం కాదు సార్" అంది. గ్రాఫ్ పేపర్ తీసుకుని మూలబిందువు నుంచి ఒక గీత గీసి రెండుచోట్ల వాలు చూసింది, వేరువేరుగా వచ్చాయి. కాసేపు ఊరుకుని, "గీతలన్నీ వేరే చోట నుంచి బయల్దేరుతున్నాయేమో" అంది. నేనేమీ అనలేదు. x + y = 3, x − y = −1 రెండూ కలిపి సాధించింది: x = 1, y = 2. ఆ బిందువు దగ్గర చిన్న చుక్క పెట్టి, దాని గుండా కొత్త గీత గీసి, దాని మీద రెండుచోట్ల వాలు లెక్కకట్టింది. ఒకటే వచ్చింది. అప్పుడు కొత్త పేజీ తిప్పి X = x − 1, Y = y − 2 అని రాసి, కింద dY/dX = (X + Y)/(X − Y) అని రాసి, దాని కింద Y = vX అని మొదలుపెట్టింది.